లిప్ ఫిల్లర్స్ ఎన్నాళ్లు ఉంటాయి? పెదాలు ఉబ్బినట్టు, వంకరగా కనిపించకూడదంటే..

2025 జులైలో ఉర్ఫీ జావేద్ పోస్ట్ చేసిన వీడియో గుర్తుందా? పెదాల్లోని ఫిల్లర్‌ను కరిగించుకుంటూ, మూతంతా వాచిపోయి కనిపించిన ఆ క్లిప్ తెగ వైరల్ అయ్యింది. ఫిల్లర్ ఉండాల్సిన చోట లేదని, అందుకే తీయించుకుంటున్నానని ఆమె చెప్పింది. ఇలా ఫిల్లర్ పక్కకు జరగడానికి ఓ ముఖ్య కారణం.. పాతది పోకముందే మళ్లీ మళ్లీ ఎక్కించడం.

పెదాలకు ఎక్కువగా వాడేది హైలురోనిక్ యాసిడ్ జెల్. ఒక సిరంజిలో ఉండేది సాధారణంగా 1 ఎంఎల్. అంటే టీస్పూన్‌లో ఐదో వంతే! మొదటిసారికి అందులో సగం నుంచి ఒక సిరంజి వరకు చాలు.

అసలు గందరగోళమంతా మొదటి వారంలోనే. సూది పోట్లకు పెదాలు వాస్తాయి, అదీ ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. అద్దం చూసుకుని కంగారు పడతారు. వాపు దిగాక మాత్రం 'అయ్యో, తగ్గిపోయిందే' అని ఇంకో సిరంజి అడుగుతారు. రెండూ తొందరపాటే. అసలు షేప్ తెలిసేది దాదాపు రెండు వారాల తర్వాతే.

ఉదాహరణకు ఒకరికి పై పెదవి ఎడమవైపు కాస్త పలచగా ఉందనుకుందాం. ముందే ఫొటో తీసి, తేడా ఎంతో చూసుకుని, 0.5 ఎంఎల్‌లో ఎక్కువ భాగం ఎడమవైపు వేస్తారు. రెండు వారాలాగి, నవ్వినప్పుడు, మాట్లాడినప్పుడు కూడా చూసి, ఇంకా తేడా ఉంటేనే చిన్న టచప్. ఒకే రోజు మొత్తం ఎక్కించేస్తే ఏది వాపో, ఏది ఫిల్లరో చెప్పడం కష్టం.

రిజల్ట్ మామూలుగా 6 నెలల నుంచి ఏడాది వరకు ఉంటుంది. అయితే ఇక్కడే ఓ మెలిక ఉంది. ముఖానికి వేసిన ఫిల్లర్ రెండేళ్ల తర్వాత కూడా కొందరి ఎంఆర్ఐ స్కాన్లలో కనిపించింది. కాబట్టి క్యాలెండర్ చూసి ఆరు నెలలకోసారి టాపప్ చేయించుకోవడం సరికాదు. పక్క నుంచి చూస్తే పై పెదవి మీద చర్మం చిన్న అరుగులా ముందుకు వచ్చిందా? పెదవి అంచు గీత చెరిగిపోయిందా? అయితే ఫిల్లర్ బయటికి జరిగినట్టే. దాని మీద ఇంకా వేస్తే అరుగు పెరుగుతుందే తప్ప సర్దుకోదు.

అప్పుడు చేసేది హైలురోనిడేస్ ఇంజెక్షన్‌తో కరిగించడం. ఒకటి రెండు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. కొందరికి ఇది అలర్జీ తెస్తుంది కాబట్టి డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి. సిలికాన్ లాంటివి మాత్రం దీనికి కరగవు.

వంకర వస్తే ఆగొచ్చు కానీ, ఒక్కదానికి ఆగకూడదు. పెదవి లేదా చుట్టుపక్కల చర్మం తెల్లబడినా, వలలా నీలం మచ్చలు వచ్చినా, నొప్పి పెరుగుతూ పోయినా జెల్ రక్తనాళాన్ని మూసేసి ఉండొచ్చు. వెంటనే, అదే గంటలో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. దానికి వాడేదీ హైలురోనిడేసే. అందుకే క్లినిక్‌లో రేటు కంటే ముందు ఆ ఇంజెక్షన్ స్టాక్ ఉందా అని అడగండి.