పౌడరా, లిక్విడా, పాడ్‌లా? తాడేపల్లిగూడెం నీళ్లలో ఒక్కో ఉతుకుకు ఏది ఎంత పడుతుంది, ఏది ఎంత శుభ్రం చేస్తుంది

తాడేపల్లిగూడెంలో ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్లినా బట్టల సబ్బుల వరసలో ఇప్పుడు మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి ఎప్పటి నుంచో వాడుతున్న పౌడర్. రెండోది సీసాల్లోనూ రీఫిల్ ప్యాకెట్లలోనూ వచ్చే లిక్విడ్. మూడోది చిన్న దిండు ఆకారంలో ఉండే పాడ్. ప్యాకెట్ మీద ధర చూసి ఇది చవక, అది ఖరీదు అనుకోవడం మామూలే. కానీ కిలో ధరను లీటరు ధరతో, లీటరు ధరను 18 పాడ్‌ల డబ్బా ధరతో పోల్చడం కుదరదు. పోల్చాల్సింది ఒక్కో ఉతుకుకు పడే ఖర్చు. ఆ ఖర్చు కూడా ఇంట్లో వాడే నీళ్లను బట్టి మారిపోతుంది.

ముందు నీళ్ల సంగతి

తాడేపల్లిగూడెం మెట్ట, డెల్టా కలిసే చోట ఉంది. గోదావరి కాలువ నీళ్లు వచ్చే కుళాయి ఉన్న ఇంట్లో సబ్బు బాగా నురగ వస్తుంది. బోరు నీళ్లతో ఉతికే ఇంట్లో అదే సబ్బు అంత నురగ రాదు. కొల్లేరు వైపు వెళ్లేకొద్దీ చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తే కుళాయి నీళ్లు తగ్గి, మామూలుగా కాలువ నీళ్లు వాడే ఇళ్లు కూడా బోరు మీదకు మళ్లుతాయి. ఆ రెండు నెలలూ తెల్ల బట్టలు బూడిద రంగులోకి తిరిగితే చాలామంది సబ్బు బ్రాండును తిడతారు. చాలాసార్లు అసలు కారణం నీళ్లే.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. దీన్నే నీటి కాఠిన్యం అంటారు. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు. వేరే నీళ్లు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటుంది. కాఠిన్యం పెరిగేకొద్దీ, మురికిని పట్టుకోవాల్సిన సబ్బు పదార్థంలో కొంత ఈ ఖనిజాలతోనే ఖర్చయిపోతుంది. మిగిలిందే బట్టకు పని చేస్తుంది.

ఇంట్లో నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి మిషన్లేమీ అక్కర్లేదు. మూతున్న సీసాలో సగం వరకు నీళ్లు పోసి, ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా ఊపాలి. పైన నురగ నిలబడి కింద నీళ్లు దాదాపు తేటగా ఉంటే మంచి నీళ్లు. నురగ లేకుండా నీళ్లు పాలలా తెల్లబడి, పైన తెట్టు కడితే కఠినమైన నీళ్లు. ఈ పరీక్షకు డిటర్జెంట్ పనికిరాదు, ఒంటి సబ్బే వాడాలి. డిటర్జెంట్ కఠినమైన నీళ్లలో కూడా కొంత నురగ ఇస్తుంది కాబట్టి తేడా తెలియదు.

లెక్క వేసే పద్ధతి

లెక్క చాలా తేలిక. ప్యాకెట్ ధరను బరువుతో గానీ పరిమాణంతో గానీ భాగించి, ఒక్కసారికి వేసే మోతాదుతో గుణించాలి. పాడ్‌లకైతే డబ్బా ధరను పాడ్‌ల సంఖ్యతో భాగిస్తే చాలు. మోతాదు ప్యాకెట్ వెనక రాసి ఉంటుంది. పౌడర్‌తో వచ్చే చెంచా ఎన్ని గ్రాములు పడుతుందో కూడా అక్కడే చూడాలి. చాలా ఇళ్లలో చేతికి వచ్చినంత వేసేస్తారు. లెక్క తప్పేది అక్కడే.

ఉదాహరణకు ఐదుగురున్న ఇల్లు, 7 కిలోల ఫ్రంట్ లోడ్ మిషన్, నెలకు 22 ఉతుకులు అనుకుందాం. లెక్క అర్థం కావడానికి ధరలు కూడా అనుకున్నవే. చదివేవాళ్లు తమ దుకాణం ధర వేసుకోవాలి.

మిషన్ పౌడర్ కిలో 210 రూపాయలు, మోతాదు 70 గ్రాములైతే ఒక ఉతుకుకు 14 రూపాయల 70 పైసలు. నెలకు సుమారు 323 రూపాయలు.

లిక్విడ్ లీటరు 200 రూపాయలు, మోతాదు 60 మిల్లీలీటర్లైతే ఒక ఉతుకుకు 12 రూపాయలు. నెలకు 264 రూపాయలు.

పాడ్ ఒకటి 20 రూపాయలైతే, ఉతుకుకు ఒకటి చొప్పున నెలకు 440 రూపాయలు.

ఇది కాలువ నీళ్ల లెక్క. ఇప్పుడు అదే ఇల్లు బోరు నీళ్ల మీదకు మళ్లిందనుకుందాం. అదే శుభ్రత కోసం మోతాదు మూడో వంతు పెంచాలి అనుకుంటే పౌడర్ 95 గ్రాములు వేయాలి, ఖర్చు దాదాపు 20 రూపాయలు. లిక్విడ్ 80 మిల్లీలీటర్లు, ఖర్చు 16 రూపాయలు. పాడ్‌ను మాత్రం మూడో వంతు పెంచలేం. ఒకటి సరిపోకపోతే రెండోది వేయాలి, అప్పుడు ఖర్చు 40 రూపాయలు. సగం లోడే ఉన్న రోజు కూడా అంతే, పాడ్‌ను సగం చేయలేం. పాడ్ వాడే ఇంట్లో డబ్బు పోయేది ఎక్కువగా ఈ రెండు సందర్భాల్లోనే.

ఏది ఏ మరకకు

ఖర్చు ఒక సగమైతే, నిజంగా ఎంత శుభ్రం చేస్తుందన్నది రెండో సగం. మూడింటిలోనూ మురికిని బట్ట నుంచి వదిలించే పదార్థం ఒకటే రకానిది. తేడా దానితో పాటు కలిపే వాటిలో ఉంటుంది.

పౌడర్‌లో సోడా ఉంటుంది. అది నీటి కాఠిన్యాన్ని కొంత తగ్గిస్తుంది, మట్టినీ చెమట జిడ్డునూ వదిలిస్తుంది. మంచి రకం పౌడర్లలో ఆక్సిజన్ బ్లీచ్ కూడా కలుపుతారు. ప్యాకెట్ మీద సోడియం పెర్కార్బొనేట్ అనే పేరు ఉంటే అదే. తేనీరు, పండ్ల రసం, కూర రంగు మరకల మీద ఇది బాగా పని చేస్తుంది. ఈ బ్లీచ్ నీళ్లలో కలిసి ఎక్కువ కాలం నిలవదు కాబట్టి మామూలు లిక్విడ్లలో ఉండదు. అందుకే శుక్రవారం వేసుకునే తెల్ల కుర్తా పైజామా, టోపీలు, దస్తర్‌ఖాన్, తెల్ల దుప్పట్లకు పౌడర్‌దే పైచేయి.

లిక్విడ్ బలం జిడ్డు మీద. బిర్యానీ నూనె, నెయ్యి, అత్తరు పడిన చోట నాలుగు చుక్కలు నేరుగా రాసి, పది నిమిషాలు ఆగి ఉతికితే మరక బాగా వదులుతుంది. చన్నీళ్లలో కూడా వెంటనే కలిసిపోతుంది. నల్ల బురఖాలు, అబాయాలు పౌడర్‌తో ఉతికితే మడతల్లో తెల్ల చారలు మిగులుతాయి, బోరు నీళ్లలో అయితే ఇంకా ఎక్కువ. బ్లీచ్ ఉన్న పౌడర్ నలుపును వెలిసిపోయేలా కూడా చేస్తుంది. కాబట్టి నల్ల బట్టలకు లిక్విడే మేలు. పట్టుకూ ఉన్నికీ వేరే లిక్విడ్ కావాలి. ప్రోటీన్ మరకలను కరిగించే ఎంజైమ్ ఉన్న డిటర్జెంట్ పట్టు దారాన్ని కూడా తినేస్తుంది, ఎందుకంటే పట్టు కూడా ప్రోటీనే.

పాడ్‌లో ఉండేది చిక్కటి లిక్విడే. నీళ్లలో కరిగే పల్చటి పొరలో చుట్టి ఉంటుంది. శుభ్రతలో మంచి లిక్విడ్‌కు దగ్గరగా ఉంటుంది, కొలత పని ఉండదు. కానీ 15 నిమిషాల క్విక్ వాష్‌లో చన్నీళ్లు పెడితే పొర పూర్తిగా కరగక బట్టకు జిగురులా అంటుకోవచ్చు. పాడ్‌ను సబ్బు అరలో కాకుండా ఖాళీ డ్రమ్ములో ముందుగా వేసి, దాని మీద బట్టలు వేయాలి. తడి చేత్తో పట్టుకుంటే డబ్బాలోనే అతుక్కుపోతుంది. బకెట్‌కూ సెమీ ఆటోమేటిక్‌కూ ఇది పెద్దగా పనికిరాదు.

పిల్లలున్న ఇంట్లో ఇంకో మాట. పాడ్ చూడటానికి మిఠాయిలా ఉంటుంది. 2012 తర్వాత అమెరికాలో వీటి వాడకం పెరిగినప్పుడు చిన్నపిల్లలు నోట్లో పెట్టుకున్న కేసులు వేలల్లో వచ్చాయి. కొరికితే చిక్కటి ద్రవం ఒక్కసారిగా గొంతులోకో కంట్లోకో చిమ్ముతుంది. డబ్బాను పిల్లలకు అందని ఎత్తులో, మూత బిగించి పెట్టాలి. మింగితే బలవంతంగా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కంట్లో పడితే ముందు ధారగా నీళ్లతో బాగా కడిగి తీసుకెళ్లాలి.

మోసపోయే చోట్లు

తెల్లగా మెరిసినంత మాత్రాన బట్ట శుభ్రమైనట్టు కాదు. చాలా డిటర్జెంట్లలో ఎండ తగిలితే నీలి మెరుపు ఇచ్చే పదార్థం కలుపుతారు. మరకను అది తీయదు. కడిగిన బట్టను గది నీడలో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. నురగ కూడా అంతే. నురగ ఎక్కువైతే శుభ్రత పెరగదు, జాడించడానికి నీళ్లు మాత్రం ఎక్కువ కావాలి. ఫ్రంట్ లోడ్ మిషన్లో చేతితో ఉతికే పౌడర్ వేస్తే నురగ నిండిపోయి డ్రమ్ము తిరగడమే మందగిస్తుంది.

పసుపు మరక మీద పౌడర్ పడగానే ఎర్రగా మారితే బట్ట పాడైందని భయపడతారు. పసుపులోని రంగు సోడా తగిలితే ఎరుపుకు తిరుగుతుంది. జాడించి ఎండలో ఆరేస్తే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు వెలిసిపోతుంది. చేపల రక్తం మరకకు ముందు వేడి నీళ్లు తగలకూడదు, వేడికి రక్తం బట్టలో గడ్డకట్టి దిగిపోతుంది. చన్నీళ్లలో నానబెట్టి తర్వాత ఉతకాలి.

లేబుల్ లేని క్యాన్లలో చవగ్గా అమ్మే లిక్విడ్‌ది ఇంకో లెక్క. లీటరు 60 రూపాయలకు వచ్చినా, నీళ్లెక్కువై 60కి బదులు 180 మిల్లీలీటర్లు పోయాల్సి వస్తే ఒక ఉతుకుకు 10 రూపాయల 80 పైసలు పడుతుంది. 12 రూపాయల లిక్విడ్‌తో పోలిస్తే మిగిలేది రూపాయి చిల్లర. పైగా అందులో ఎంజైమ్ ఉందో లేదో చెప్పే కాగితం ఉండదు.

సెమీ ఆటోమేటిక్, బకెట్ ఇళ్లకు

ఈ ఇళ్లలో అన్నిటికన్నా చవక మామూలు పౌడరే. కిలో 80 రూపాయలు, 60 గ్రాములు వేస్తే 4 రూపాయల 80 పైసలు. పైగా ఒకే సబ్బు నీళ్లలో ముందు తెల్లవి, తర్వాత రంగువి, చివర ముతక బట్టలు వరసగా వేసుకోవచ్చు. అప్పుడు ఒక్కో విడతకు రూపాయిన్నర చిల్లరే. బోరు నీళ్లయితే పౌడర్ పెంచే బదులు, బకెట్‌కు ఒక చెంచా బట్టల సోడా ముందే కలిపి, పది నిమిషాలు ఆగి పౌడర్ వేస్తే సరిపోతుంది. పాతకాలంలో చాకళ్లు చవుడు మట్టితో ఉతికిందీ ఈ గుణం కోసమే. పట్టుకూ ఉన్నికీ ఇది వాడకూడదు. చేతికి పుండ్లు ఉన్నవాళ్లు తొడుగు వేసుకోవాలి. వంటసోడా దీనికి బదులు కాదు, దాని బలం చాలా తక్కువ.

అనుమానం తీరాలంటే పాత తెల్ల లుంగీ గుడ్డను మూడు ముక్కలు చేయాలి. ఒక్కో ముక్క మీద కూర నూనె, తేనీరు, బురద మూడూ రాసి రాత్రంతా ఆరనివ్వాలి. ఒక్కో ముక్కను ఒక్కో రకంతో, అవే నీళ్లలో, అంతే సేపు ఉతికి నీడలో ఆరేసి పక్కపక్కన పెట్టి చూడాలి. బోరు నీళ్ల మీద ఉన్న నెలలో ఇంకోసారి చేస్తే తేడా ఇంకా తెలుస్తుంది.

మొత్తం మీద ఈ ఊరి నీళ్లకు ఒకే డబ్బా అన్నిటికీ సరిపోదు. తెల్ల బట్టలకు బ్లీచ్ ఉన్న పౌడర్, నల్ల బట్టలకూ జిడ్డుకూ లిక్విడ్ పెట్టుకుంటే పని జరిగిపోతుంది. కాలువ నీళ్లు వచ్చి, మిషన్ ఎప్పుడూ నిండుగా తిరిగే ఇంట్లోనే పాడ్ తన ధరకు దగ్గరగా వస్తుంది. కాలువలు కట్టేసే నెలలో మాత్రం పాడ్ కొనకపోవడమే లాభం.