గృహ సముదాయ విహంగ దృశ్యం
డ్రోన్ ఎత్తు నుంచి చూసినట్టుగా ఇళ్లను, చుట్టుపక్కల స్థలాలను, రోడ్లను కలిపి చూపే చిత్రం. లోపలి వీధి మెయిన్ రోడ్డులో ఎక్కడ కలుస్తుందో ఇందులో కనిపించాలి. రోడ్లు కాంపౌండ్ గోడ దగ్గరే ఆగిపోతే కాలనీ గాల్లో తేలినట్టుంటుంది.

దిక్కును పట్టిచ్చేది నీడ. హైదరాబాద్‌లో డిసెంబరు 21న సూర్యుడు ఆ రోజుకు అత్యంత ఎత్తుకు చేరే వేళ, 10 మీటర్ల ఎత్తున్న ఇంటి నీడ ఉత్తరం వైపు సుమారు 8.6 మీటర్లు పరుచుకుంటుంది. ఆ పక్కన 9 మీటర్ల వీధి ఉంటే దాదాపు అంతా చీకటే. జూన్ 21న అదే నీడ ఒక మీటరు, అదీ దక్షిణానికి. కాబట్టి తేదీ, వేళ ఖరారు చేసుకోకుండా గీసిన నీడ వట్టి అలంకారం. తర్వాత అతికించిన చెట్ల దగ్గరే పొరపాటు బయటపడుతుంది: ఇళ్ల నీడలు ఈశాన్యానికి, చెట్లవి పడమరకు పడతాయి.