వెనక్కి పన్నెండు నొక్కులు: స్లైడ్లకి మెనూ ఎలా వచ్చింది?

ఈ ఎపిసోడ్ నా పరువు పోయిన ఒక రోజుతో మొదలుపెడతాను.

డిగ్రీలో సెమినార్. టాపిక్ శాతవాహనులు. మొత్తం 24 స్లైడ్లు చేశాను. 21వ స్లైడ్‌లో అమరావతి స్తూపం గురించి చెప్తుంటే, ముందు వరుసలో కూర్చున్న సార్ ఆపారు. "ఇందాక ఓడ బొమ్మ ఉన్న నాణెం చూపించావు కదమ్మా, అది మళ్ళీ ఒకసారి పెట్టు" అన్నారు. అది 9వ స్లైడ్. అంటే వెనక్కి పన్నెండు నొక్కులు. పైగా మధ్యలో నేను ముచ్చటపడి పెట్టిన యానిమేషన్లన్నీ ఒక్కోటి వెనక్కి వెళ్తున్నాయి. అంటే ఇంకా ఎక్కువ నొక్కులు. నాణెం దొరికేసరికి సార్ ప్రశ్న మర్చిపోయారు, క్లాసంతా నవ్వుతోంది. తిరిగి 21కి రావడం ఇంకో యాత్ర.

ఆ తర్వాత నాకొక అనుమానం వచ్చింది. అసలు స్లైడ్లు వరసగానే ఎందుకు వెళ్తాయి? ఈ వరస ఎవరు పెట్టారు?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1961లో కొడాక్ వాళ్ళు క్యారౌసెల్ అనే ప్రొజెక్టర్ తెచ్చారు. గుండ్రటి ట్రే, అందులో 80 స్లైడ్లు. బటన్ నొక్కితే ట్రే ఒక గడి తిరుగుతుంది, తర్వాతి బొమ్మ తెర మీద పడుతుంది. ఇక్కడ వరసని పెట్టింది ఆ యంత్రమే. కానీ అదే కాలంలో ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ కూడా వాడేవాళ్ళు. దాని మీద పారదర్శకంగా ఉండే షీట్లు పెట్టి చూపించాలి. అక్కడ ఏ వరసా లేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే కట్టలోంచి ఆ షీటు తీసి పెట్టడమే!

ఇప్పుడు 1987కి రండి. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ మ్యాకింటాష్ కోసం పవర్‌పాయింట్ 1.0 విడుదల చేసింది. దాని వెనక ఉన్నది రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్. తమాషా ఏంటంటే, ఆ మొదటి పవర్‌పాయింట్ పని ఈ ఓవర్‌హెడ్ షీట్లు తయారుచెయ్యడమే, అదీ నలుపు తెలుపులో. ప్రింట్ తీశాక షీట్లు మీ చేతిలో ఉంటాయి, ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. తర్వాత ప్రదర్శన కాగితం మీద నుంచి కంప్యూటర్ తెర మీదకి మారింది. చేతిలో కట్ట పోయింది, దాంతో ఆ స్వేచ్ఛా పోయింది. మనకి మిగిలింది ముందుకి, వెనక్కి అనే రెండు బాణాలు.

అదే 1987 ఆగస్టులో, అదే మ్యాక్ మీద ఇంకో ప్రోగ్రాం వచ్చింది. పేరు హైపర్‌కార్డ్. చేసినాయన ఆపిల్‌లో పనిచేసిన బిల్ ఆట్కిన్సన్. ఇందులో స్లైడ్ ఉండదు, కార్డు ఉంటుంది. కార్డుల కట్టని స్టాక్ అంటారు. కార్డు మీద ఒక బటన్ పెట్టి, దానికి ఇలా రెండు ముక్కలు రాస్తే చాలు:

```
on mouseUp
  go to card "Menu"
end mouseUp
```

అంటే "మౌస్ నొక్కి వదలగానే మెనూ అనే కార్డుకి వెళ్ళు" అని. అంతే. కట్ట ఎంత పెద్దదైనా ఒక్క నొక్కులో కావాల్సిన చోటుకి వెళ్ళిపోవచ్చు. 1993లో వచ్చిన మిస్ట్ అనే ఫేమస్ గేమ్‌ని మొదట తయారుచేసింది కూడా ఇందులోనే.

హైపర్‌కార్డ్ అమ్మకం 2004లో ఆగిపోయింది. కానీ దాని ఆలోచన మాత్రం మన స్లైడ్లలోకి వచ్చేసింది. పవర్‌పాయింట్ 97 నాటికే హైపర్‌లింకులు, యాక్షన్ బటన్లు ఉన్నాయి. అంటే నా సెమినార్ రోజున కూడా ఆ మందు నా కంప్యూటర్‌లోనే ఉంది. నాకే తెలీదు!

సరే, ఇప్పుడు అవే శాతవాహనుల స్లైడ్లని బాగుచేద్దాం. 2వ స్లైడ్‌ని మెనూగా పెట్టాను. దాని మీద నాలుగు పెద్ద డబ్బాలు గీశాను: రాజులు, నాణేలు, శాసనాలు, స్తూపాలు. నాణేలు 8వ స్లైడ్‌లో మొదలవుతాయి. కాబట్టి ఆ డబ్బాని సెలెక్ట్ చేసి, Insert లో Link నొక్కి, Place in This Document ఎంచుకుని, 8వ స్లైడ్ చూపించాను. మిగతా మూడింటికీ ఇలాగే. ఇక్కడ ఒక జాగ్రత్త: లింకు డబ్బాకి ఇవ్వండి, లోపలి అక్షరాలకి కాదు. అక్షరాలకి ఇస్తే రంగు మారి కింద గీత పడుతుంది, పైగా సరిగ్గా ఆ అక్షరాల మీదే నొక్కాలి.

తర్వాత, ఏ స్లైడ్ నుంచైనా మెనూకి తిరిగి రావాలి. 22 స్లైడ్లలో 22 బటన్లు పెడతామా? అక్కర్లేదు. హైపర్‌కార్డ్‌లో బ్యాక్‌గ్రౌండ్ అని ఉండేది. దాని మీద ఒక్కసారి బటన్ పెడితే, ఆ బ్యాక్‌గ్రౌండ్ వాడే కార్డులన్నిటిలో కనిపించేది. మన దగ్గర దాని అన్నదమ్ముడు Slide Master. View లో అది తెరిచి, అన్నిటికంటే పైనున్న మాస్టర్ మీద మూలగా ఒక చిన్న బటన్ పెట్టి, దాన్ని 2వ స్లైడ్‌కి లింక్ చేశాను. కానీ స్తూపం ఫోటో తెరంతా నింపిన స్లైడ్‌లో బటన్ మాయమైంది! ఎందుకంటే మాస్టర్ మీదవన్నీ స్లైడ్ బొమ్మలకి అడుగున ఉంటాయి. ఆ ఒక్క స్లైడ్‌లో బటన్‌ని కాపీ చేసి ఫోటో మీద అతికించాను.

ఇక అసలు సమస్య. సార్ నాణెం అడిగారు, చూపించాను. మళ్ళీ 21కి ఎలా? హైపర్‌కార్డ్‌లో దీనికి రెండు వేర్వేరు మాటలుండేవి. `go prev` అంటే కట్టలో ముందున్న కార్డు. `go back` అంటే నువ్వు ఇంతకుముందు చూసిన కార్డు. పవర్‌పాయింట్‌లోనూ అదే తేడా. 21లో నాణెం బొమ్మ చిన్నది పెట్టి 9కి లింక్ ఇచ్చాను. 9లో "తిరిగి" అనే బటన్ పెట్టి, Insert లో Action తెరిచి, Hyperlink to కింద Last Slide Viewed ఎంచుకున్నాను. అక్కడ పొరపాటున Previous Slide ఎంచుకుంటే 8కి పోతాం, 21కి కాదు. ఇంకో మాట, ఇది ఒక్క గెంతుకే పనికొస్తుంది. 9 నుంచి 10కి వెళ్ళి, 10లో అలాంటి బటన్ నొక్కితే 9కే వస్తారు.

చివరి ఉచ్చు: మెనూలో డబ్బా పక్కన ఖాళీ చోట వేలు పడితే, మామూలుగా తర్వాతి స్లైడ్ వచ్చేస్తుంది. మెనూ స్లైడ్ సెలెక్ట్ చేసి, Transitions లో On Mouse Click టిక్ తీసేయండి. ఇక అక్కడ లింకు మీద నొక్కితేనే కదులుతుంది. కీబోర్డు బాణాలు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకండి. చివరగా స్లైడ్ షో పెట్టి ప్రతి డబ్బా నొక్కి చూసుకోండి. స్లైడ్ల వరస మార్చినా లింకు తన స్లైడ్‌నే పట్టుకుని ఉంటుంది. కానీ ఆ స్లైడ్‌ని డిలీట్ చేస్తే లింకు చచ్చినట్టే.

తర్వాతి సెమిస్టర్‌లో అదే సార్, అదే ముందు వరుస. "శాసనం ఇంకోసారి చూపించు" అన్నారు. రెండు నొక్కులు: ఒకటి మెనూకి, రెండోది శాసనాలకి. ఈసారి సార్ ప్రశ్న మర్చిపోలేదు. జవాబు చెప్పడానికే నాకు చెమటలు పట్టాయి. ఆ కథ ఇంకో ఎపిసోడ్‌లో. ఉంటాను!