సున్నం లేని మొక్కజొన్న

నేనుంటున్న ఈ సౌత్ కరోలినా ఒకప్పుడు మన ప్రొద్దుటూరు లాగే పత్తి సీమ. నూలు మిల్లు, దాని పక్కనే కూలీల ఇళ్ళు, ఊరు దాటితే పత్తి చేలు. వందేళ్ళ కిందట ఆ ఇళ్ళలో ఏటా ఎండలు మొదలవుతుండగా ఒక జబ్బు బయటపడేది. రెండు చేతుల వెనకా ఒకే తీరుగా, మెడ చుట్టూ పట్టెడ పెట్టినట్టుగా చర్మం ఎర్రబడి, నల్లబారి, పొలుసులు లేచేది. నాలుక మండేది, విరేచనాలు పట్టుకునేవి. ముదిరితే మతి తప్పేది. అదే పెల్లాగ్రా. అంటురోగమని చాలామంది డాక్టర్లు నమ్మారు.

ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బర్గర్ నమ్మలేదు. 1916లో ఏడు మిల్లు పల్లెల్లో ఇంటింటికీ మనుషులను పంపి, ఎవరు ఏం తింటున్నారో రాయించాడు. ఇన్మన్ మిల్స్ అనే పల్లెలో జబ్బు విపరీతం. న్యూరీ అనే మరో పల్లెలో అసలు లేదు. న్యూరీ చుట్టూ ఉన్న రైతులు మాంసం, కూరగాయలు తెచ్చి అమ్మేవాళ్ళు. ఇన్మన్ చుట్టూ ఎక్కువగా పత్తే పండేది. అక్కడి పేదలకు దొరికింది మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లపు పాకం.

ఆ తిండిలో లోపించింది నయాసిన్ అనే విటమిన్ అని 1937 తర్వాత తేలింది. విచిత్రమేమంటే మొక్కజొన్నలో నయాసిన్ ఉంది. కానీ అది గింజలోని పిండిపదార్థాలకు అతుక్కుని ఉంటుంది, మన పేగు దాన్ని విడదీయలేదు. ట్రిప్టోఫాన్ అనే మాంసకృత్తు భాగం నుంచి శరీరం కొంత నయాసిన్ తయారుచేసుకోగలదు. మొక్కజొన్నలో అదీ తక్కువే.

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. అక్కడి ఆడవాళ్ళు కిలో గింజలకు సుమారు మూడు లీటర్ల నీళ్ళు పోసి, పది గ్రాముల తినే సున్నం కలిపి ఉడికించి, రాత్రంతా నానబెడతారు. పొద్దున వేళ్ళ మధ్య నలిపితే పొట్టు జారిపోవాలి, జారకపోతే ఇంకా నానాలన్నమాట. కడిగి రుబ్బి రొట్టెలు చేస్తారు. సున్నం ఎక్కువైతే చేదెక్కుతుంది. నయాసిన్‌ను పట్టి ఉంచిన బంధాన్ని తెంచేది ఆ క్షారమే. గింజ సముద్రాలు దాటింది, సున్నం మాత్రం వెంట రాలేదు.

జమ్మలమడుగు నాపరాళ్ళ సీమలో పుట్టిన నాకు, మన నేలలో ఉన్న సున్నపురాయే ఇంతమందిని కాపాడగలిగేదని చదివి మనసు కలుక్కుమంది. మనవైపు ఒకప్పుడు ముఖ్యమైన తిండి జొన్న. దక్కనులో జొన్నలు తినేవారికీ పెల్లాగ్రా వచ్చేది. జొన్నలో లూసిన్ ఎక్కువ కావడం కారణమని 1960లో హైదరాబాదులో పనిచేసిన గోపాలన్, శ్రీకంఠయ్య అన్నారు. ఆ వాదనను అందరూ ఒప్పుకోలేదు. జొన్నరొట్టెతో పప్పు, పాలు, వేరుశనగ ఉంటే భయం లేదు.

ఇప్పుడు ఈ జబ్బు ఎక్కువగా తిండి మాని తాగేవారిలో కనిపిస్తుంది, టీబీకి ఐసోనియాజిడ్ మాత్ర వాడేవారిలోనూ అప్పుడప్పుడు వస్తుంది. పులివెందులలోనైనా, ప్రొద్దుటూరులోనైనా ఇంట్లో ఎవరికైనా ఎండ తగిలేచోట రెండు పక్కలా ఒకేలా చర్మం నల్లబడి విరేచనాలు కూడా ఉంటే, ఎండదెబ్బ అని ఊరుకోకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, రోజూ ఏం తింటున్నారో కూడా చెప్పండి.