ఇంటి వంటల విదేశీ పార్శిల్: పోతిరెడ్డిపల్లి నుంచి అమెరికా దాకా

విదేశాల్లో ఉంటున్న సొంతవాళ్లకు ఇంట్లో చేసిన పిండివంటలు, తొక్కులు, పొడులు కొరియర్‌లో గానీ తపాలాలో గానీ పంపే వాడుక తెలుగు ఊళ్లలో బాగా పాతుకుపోయింది. హైదరాబాద్ నుంచి పుణె వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, సంగారెడ్డిని ఆనుకుని ఉన్న పోతిరెడ్డిపల్లి కూడా అలాంటి ఊరే. పటాన్‌చెరు, రామచంద్రాపురం ఫ్యాక్టరీల్లో పనిచేసి ఈ చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్న కుటుంబాల పిల్లలు కొందరు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. సంక్రాంతికి సకినాలు, ఎండాకాలంలో మామిడికాయ తొక్కు వాళ్లకు చేరాలి. ఈ పార్శిల్ క్షేమంగా చేరడం అట్టపెట్టె గట్టిదనం మీద, టేపు చుట్టల మీద ఆధారపడి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని రాతను ముందుగా తేల్చేది కాగితం మీద ‘పంపినవారు’ అన్న గడిలో ఎవరి పేరుందన్న సంగతి. అమెరికా చట్టంలో ఇంటి వంటకు ఒక ప్రత్యేకమైన వెసులుబాటు ఉంది. మన దగ్గర పార్శిళ్లు చేతులు మారే తీరులో అది తెలియకుండానే చేజారిపోతోంది.

అమెరికాలో 2002లో వచ్చిన జీవ ఉగ్రవాద నిరోధక చట్టం ప్రకారం, ఆ దేశంలోకి వచ్చే ఆహారం గురించి అక్కడి ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏకు ముందే తెలియజేయాలి. దీన్ని ప్రయర్ నోటీస్ అంటారు. 2003 డిసెంబరు 12 నుంచి ఇది అమల్లో ఉంది. విమానంలో వచ్చే కొరియర్ అయితే సరుకు దిగడానికి కనీసం నాలుగు గంటల ముందు ఈ నోటీసు అందాలి. తపాలాలో అయితే పంపకముందే నోటీసు పెట్టి, వచ్చిన నంబరును పార్శిల్ మీద రాయాలి. అయితే ఒక మనిషి తన ఇంట్లో తానే తయారుచేసి, తానే పంపి, అమ్మకం కోసం కాకుండా అమెరికాలోని మరో మనిషికి కానుకగా ఇచ్చే ఆహారానికి ఈ నోటీసు అక్కర్లేదు. చేసినవారు, పంపినవారు ఒక్కరే కావాలన్నది ఇందులో గమనించవలసిన మాట. అమ్మ ఒత్తిన సకినాలను అమ్మే తన పేరుతో పంపితే మినహాయింపు వర్తిస్తుంది. అవే సకినాలను పక్క వీధిలో ఆర్డర్ల మీద చేసే ఆవిడ దగ్గర కొని పంపితే వర్తించదు. అవీ ఇంట్లో చేసినవే కదా అంటే, చట్టం చూసేది ఇంటిని ఒక్కదాన్నే కాదు, ఆ చేతినీ ఆ కానుకనూ కలిపి చూస్తుంది.

ఇప్పుడు మన పార్శిల్ దారి చూద్దాం. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలోనో సంగారెడ్డిలోనో ఒక బుకింగ్ దుకాణం దాన్ని తీసుకుంటుంది. అక్కడి నుంచి అది హైదరాబాద్‌లో పార్శిళ్లను పోగుచేసే ఏజెంటుకు, ఆ ఏజెంటు ద్వారా అంతర్జాతీయ కొరియర్ సంస్థకు వెళుతుంది. ఈ మధ్యలో ఎక్కడైనా, పని సులువవుతుందని, పంపినవారి గడిలో ఏజెంటు సంస్థ పేరు పడే అవకాశం ఉంది. పేరు మారగానే, కాగితం ప్రకారం అది కూతురికి తల్లి పంపిన వంట కాకుండా పోతుంది, ఒక వ్యాపార సంస్థ పంపిన సరుకవుతుంది. నోటీసు లేకపోతే ఆగిపోతుంది. దెబ్బ అక్కడితో ఆగదు. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా, 800 డాలర్ల లోపు పార్శిళ్లకు అంతవరకూ ఉన్న సుంకం మినహాయింపును అన్ని దేశాలకూ నిలిపివేసింది. మిగిలింది 100 డాలర్ల లోపు కానుకల మినహాయింపు. అది కూడా విదేశంలోని వ్యక్తి అమెరికాలోని వ్యక్తికి పంపినదానికే. అంటే ఆ ఒక్క గడిలోని పేరే ఆహార నోటీసును, సుంకాన్ని రెండింటినీ తేలుస్తుంది. రసీదు చేతికి రాగానే చార్జీ కన్నా ముందు ఆ పేరు చూసుకోవాలి. గుర్తింపు కోసం ఇచ్చే ఆధార్ నకలు కూడా అదే మనిషిది కావాలి. వంట అమ్మది, ఆధార్ నాన్నది అయితే కాగితం మొదట్లోనే తప్పుతుంది.

దీనికి బుకింగ్ దగ్గర వినిపించే అభ్యంతరం ఒకటుంది. ఇంట్లో చేసినవంటే పై సంస్థ తీసుకోదు, మిఠాయి దుకాణం బిల్లు ఒకటి జతచేస్తే పని జరిగిపోతుంది అంటారు. మొదటి మాట కొంత నిజం. చట్టం ఒప్పుకున్నా, లేబుల్ లేని ఆహారాన్ని తీసుకోకూడదని ఒక కొరియర్ సంస్థ సొంతంగా నియమం పెట్టుకోవచ్చు. అప్పుడు తీసుకునే సంస్థనో తపాలా శాఖనో వెతుక్కోవాలి తప్ప వంటకు దొంగ పుట్టుక అంటగట్టకూడదు. దుకాణం బిల్లు పెట్టిన క్షణంలో మినహాయింపు పోయి, నోటీసు తప్పనిసరి అవుతుంది. పైగా లోపల ఉన్నది ఒకటి, కాగితం చెప్పేది మరొకటి. నిజంగానే దుకాణంలో కొన్నవి పంపాలంటే దారి మూసుకుపోలేదు. కానుకగా పంపే కొన్న ఆహారానికి నోటీసులో తయారీదారు ఎఫ్‌డీఏ రిజిస్ట్రేషన్ నంబరుకు బదులు ప్యాకెట్ లేబుల్ మీదున్న పేరు, చిరునామా ఇస్తే చాలు. నోటీసును ఎఫ్‌డీఏ వెబ్‌సైట్‌లో ఎవరైనా రుసుము లేకుండా పెట్టవచ్చు. నిజం చెప్పడానికి ఇంత తేలిక దారి ఉండగా అబద్ధానికి అంత కష్టపడటం వింతే.

పేరు సరిగ్గా ఉంటే ఏదైనా పంపవచ్చా అంటే, లేదు. ఎఫ్‌డీఏ మినహాయింపు నోటీసు వరకే. జంతు, మొక్కల వ్యాధుల విషయంలో అమెరికా వ్యవసాయ శాఖ నియమాలు వేరు, వాటికి ఇంటి వంటన్న జాలి లేదు. భారత్‌లో పశువుల గాలికుంటు వ్యాధి ఉన్నందువల్ల మాంసం పచ్చళ్లకు ప్రవేశం ఉండదు. కోడి వ్యాధుల వల్ల చికెన్ పచ్చడిదీ అదే గతి. నూనెలో బాగా వేయించామన్న వాదన అక్కడ నిలవదు, వంటింట్లో ఎంత వేడి తగిలిందో రుజువు చేసే కాగితం ఎవరి దగ్గరా ఉండదు. పాల ఉత్పత్తులకూ ఆంక్షలు ఉన్నాయి కాబట్టి కోవా మిఠాయిలు మానుకోవడమే మేలు. పచ్చి కరివేపాకు పనికిరాదు. నిమ్మ, నారింజ తోటలను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది. వేయించి నూరిన కరివేపాకు పొడిలో ఆ పురుగు ఉండే వీలు లేదు. ధాన్యపు గోదాములను నాశనం చేసే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి సొంత పార్శిళ్లలో బియ్యం, శనగలు రానివ్వరు. బియ్యప్పిండితో చేసి నూనెలో కాల్చిన సకినాల సంగతి వేరు. అందుకే కాగితం మీద ఉత్త ‘రైస్’ అని రాయడం కోరి తెచ్చుకునే చిక్కు. ‘ఫ్రైడ్ రైస్ ఫ్లోర్ స్నాక్ విత్ సెసమీ, హోమ్‌మేడ్, గిఫ్ట్’ అన్నంత వివరంగా, ఒక్కో వంటకూ బరువు, విలువ వేరుగా ఇంగ్లీషులో రాయాలి. ‘ఇండియన్ ఫుడ్ ఐటమ్స్’ అని రాస్తే లోపల ఏముందో తేల్చుకోవడానికి పెట్టె విప్పక తప్పదు.

సంక్రాంతి పార్శిల్ ఒకటి ఉదాహరణగా తీసుకుందాం. రెండు కిలోల సకినాలు, కిలో గర్జెలు, కిలో మామిడికాయ తొక్కు, అరకిలో కరివేపాకు పొడి. అన్నీ కలిపి నాలుగున్నర కిలోలు. సకినం బోలుగా, పెళుసుగా ఉంటుంది కనుక పెట్టె పెద్దదే కావాలి. పొడవు 40, వెడల్పు 30, ఎత్తు 30 సెంటీమీటర్లనుకుంటే, కొరియర్ సంస్థలు ఈ మూడింటినీ గుణించి 5000తో భాగిస్తాయి. వచ్చేది 7.2 కిలోలు. డబ్బాలూ అట్టలూ కలుపుకుని అసలు తూకం అయిదున్నరే అయినా చార్జీ మాత్రం ఏడున్నర కిలోలకు పడుతుంది, ఎందుకంటే అరకిలో లెక్కన పైకి సర్దుతారు. కాబట్టి సకినాలు ఎక్కువున్న పెట్టెలో మరో కిలోన్నర తొక్కో పొడో చేర్చినా, స్థలం సరిపోతే, చార్జీ పెరగదు. విలువ రాసేటప్పుడు మన బజారులో వాటికి పలికే ధర రాయాలి, కొరియర్ చార్జీని అందులో కలపకూడదు. ఇంట్లో చేశాం కాబట్టి విలువ సున్నా అని రాయడం కుదరదు. ఇంత పార్శిల్ నిజమైన ధరలోనే 100 డాలర్ల లోపు ఉంటుంది, తగ్గించి రాయవలసిన అవసరమే రాదు.

ప్యాకింగ్‌లో జరిగే పెద్ద పొరపాటు అన్నింటికీ వాక్యూమ్ చేయించడం. గాలి లాగేస్తే సకినాలు కవరు ఒత్తిడికే పొడి అయిపోతాయి. వాటిని గుండ్రటి గట్టి డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఖాళీలను కాగితంతో నింపి, డబ్బాను మందపాటి కవరులో పెట్టి వేడితో అతికించాలి. తొక్కుకు మాత్రం గాలి తీయడం అవసరమే, అయితే కారణం వేరు. ఎగిరే విమానం లోపల గాలి ఒత్తిడి నేల మీదున్నదానిలో ముప్పావు వంతుకు పడిపోతుంది. కవరులో చిక్కుకున్న గాలి దాదాపు మూడో వంతు ఉబ్బి, బలహీనమైన అతుకును తెరిచి నూనెను బయటికి తోస్తుంది. నూనె మరకలున్న పెట్టెను దారిలోనే పక్కన పెట్టేస్తారు. కొత్తగా కలిపిన తొక్కు తనంతట తానే పులుస్తూ గాలి విడుస్తుంది కనుక, ఊట తగ్గి నూనె పైకి తేలేదాకా కొన్ని వారాలు ఆగి పంపడం మంచిది. అతికించిన కవరును రెండు మూడు రోజులు ఇంట్లో ఉంచి చూస్తే తెలిసిపోతుంది. ఉబ్బితే అది ప్రయాణానికి సిద్ధం కాలేదన్నమాట.

వాక్యూమ్ చేస్తే ఏదైనా నెలల తరబడి నిలుస్తుందన్న నమ్మకం ప్రమాదకరం కూడా. మామిడి, చింతపండు, గోంగూర పులుపు, దానికి తోడు ఉప్పు సూక్ష్మజీవులను ఆపుతాయి. పులుపు చాలని వంట, అంటే పీహెచ్ 4.6 కన్నా ఎక్కువగా ఉండి తడి ఉన్న కూరలు, వేపుళ్ల వంటివి గాలి లేని కవరులో మామూలు వేడికి రోజుల తరబడి ఉంటే బొట్యులిజం విషాన్ని పుట్టించే బాక్టీరియాకు అదే అనువైన చోటు. ఆ విషానికి వాసన గానీ రుచి మార్పు గానీ ఉండాలని లేదు. అందుకని తడి కూరలను ఎంత బాగా అతికించినా పంపకూడదు.

ఎందరివో పార్శిళ్లు ఇవేవీ చూసుకోకుండానే చేరుతున్నాయి కదా, ఇంత తతంగం ఎందుకన్నది మరో అభ్యంతరం. చేరుతున్న మాట నిజమే. ప్రతి పెట్టెనూ విప్పే తీరిక ఏ దేశపు కస్టమ్స్‌కూ లేదు. కానీ విప్పిన పెట్టెలో ఒక్క చికెన్ పచ్చడి డబ్బా దొరికితే నష్టం ఆ డబ్బాతో పోకపోవచ్చు, దాని కోసం పార్శిల్ అంతా రోజుల తరబడి ఆగవచ్చు. ఈ అమెరికా లెక్క మిగతా దేశాలకు సరిపోదు. ఆస్ట్రేలియా చాలా రకాల ఆహారానికి వ్యాపార పద్ధతిలో తయారై ప్యాక్ అయి ఉండాలని షరతు పెడుతుంది, కాబట్టి అక్కడ ఇంటి వంటే ఇబ్బంది. యూఏఈకి, సింగపూర్‌కు పంపే గర్జెల్లో గసగసాలు పడకూడదు, ఆ దేశాల్లో అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి.

పార్శిల్ అమెరికాలో ఆగితే కొరియర్ సంస్థ నుంచి సాధారణంగా అందుకునేవారికే ఫోనో మెయిలో వస్తుంది. అందుకని లోపలి జాబితా నకలు, పంపినవారి పేరున్న రసీదు ఫొటో కూతురి దగ్గర ముందే ఉండాలి. ఇంట్లో ఎవరు చేశారు, ఎవరు పంపారు, దేనితో చేశారు అని అడిగితే ఆమె చెప్పే జవాబు కాగితంతో కలవాలి. తపాలా పార్శిల్‌ను నోటీసు లేదని తిరస్కరిస్తే, వెనక్కి పంపే చిరునామా ఉంటే తిప్పి పంపుతారు, లేకపోతే పారేయవచ్చు. పెట్టె మీద పోతిరెడ్డిపల్లి ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్ పూర్తిగా ఉండాలనేది అందుకే.