ఉద్యోగ ప్రకటనల తెలుగులో ‘డు’ ప్రత్యయం: ఒక పరిశీలన

విషయంలోగాని సందర్భంలోగాని విరుద్ధార్థం లేనప్పుడు పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతుంది. ఆంగ్లంలో లింగాన్ని బట్టి క్రియ మారదు కనుక అక్కడ సర్వనామం ఒక్కదానితో సమస్య తీరింది. ఆ వాక్యాలు తెలుగులోకి వచ్చినప్పుడు మాత్రం ‘దరఖాస్తుదారుడు’, ‘నియమితుడైనవాడు’, ‘అతడు చేరినచో’ వంటి రూపాలు అడుగడుగునా తలెత్తాయి.

తెలుగులో ఇది కేవలం పదాల సమస్య కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) మహత్తు, మహతి, అమహత్తు అని విభజించి చూపిన వ్యవస్థలో స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తుతో, బహువచనంలో మహత్తుతో కలుస్తుంది. ‘వచ్చింది’ అన్న క్రియ ఆమెకూ బండికీ ఒకటే; ‘వచ్చారు’ స్త్రీ పురుషులకు ఉమ్మడి. కాబట్టి ‘వచ్చాడు’ అన్న రూపం స్త్రీని కలుపుకుంటుందని చట్టం అన్నా తెలుగు చెవి ఒప్పుకోదు.

దీనికి విరుగుడుగా గీతలు వచ్చాయి. ‘ఎంపికైన అభ్యర్థి నెలలోగా చేరకపోతే అతడు/ఆమె అవకాశం కోల్పోతాడు/కోల్పోతుంది’ అన్న వాక్యాన్ని బిగ్గరగా చదివితే దాని కుంటితనం తెలుస్తుంది. పైగా అది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను వదిలేస్తుంది. ‘ఎంపికైన అభ్యర్థి నెలలోగా చేరకపోతే నియామకం రద్దవుతుంది’ అంటే చాలు. కర్త నియామకానికి మారింది, లింగం ప్రసక్తే లేదు. ‘అభ్యర్థి’, ‘ఉద్యోగి’, ‘తన’ స్వతహాగా తటస్థ పదాలే. ‘జతపరచాలి’, ‘కోరవచ్చు’, ‘చేయరాదు’ వంటి విధి, నిషేధ రూపాలూ లింగాన్ని బట్టి మారవు. నియమావళికి కావలసిన క్రియల్లో అధికభాగం ఇవే కావడం విశేషం.

బహువచనం అన్నిచోట్లా నప్పదు. ‘అభ్యర్థులు ఇద్దరు పూచీదారుల పేర్లు ఇవ్వాలి’ అంటే ఒక్కొక్కరూ ఇద్దరి పేర్లివ్వాలా, అందరికీ కలిపి ఇద్దరు చాలా అన్న సందేహం కలుగుతుంది. అక్కడ ‘ప్రతి అభ్యర్థీ’ అనడమే సురక్షితం.

తటస్థత తగని చోట్లూ ఉన్నాయి. పనిచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఫిర్యాదు హక్కును ‘బాధిత మహిళ’కు ఇచ్చింది; కార్యాలయ విధానం ఆ చట్టాన్ని వివరిస్తూ ‘బాధిత ఉద్యోగి’ అని రాస్తే చట్టార్థం మారిపోతుంది, ఉద్యోగిని కాని మహిళకున్న రక్షణా మరుగవుతుంది. ఇందుకు భిన్నమైనది 1979 నాటి సి.బి. ముత్తమ్మ కేసు. పెళ్లికి ముందు ప్రభుత్వ అనుమతి పొందాలన్న విదేశాంగ సేవా నియమం మహిళా అధికారులకే వర్తించేది. దాన్ని, వివాహితలకు నియామక హక్కు లేదన్న మరో నియమాన్ని జస్టిస్ కృష్ణయ్యర్ తీవ్రంగా తప్పుపట్టారు. అక్కడ ‘మహిళ’ అన్న పదమే వివక్షకు ఆధారం. ఒక పదాన్ని తీసేయాలా, ఉంచాలా అన్నది అది హక్కునిస్తున్నదా, ఆంక్ష పెడుతున్నదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

2023 నాటి భారతీయ న్యాయ సంహిత కూడా పుంలింగ సర్వనామాన్నే నిలుపుకొని, అది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకూ వర్తిస్తుందని నిర్వచించింది. తెలుగు అనువాదకులకు ఆ నిర్వచనం కన్నా ‘వారు’ అన్న మాటే ఎక్కువ అక్కరకొస్తుంది.