ఏటి ఒడ్డు కంచె: యూక్లిడ్ నుంచి ఫెర్మా దాకా

ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకం తిరగేసిన ప్రతివారికీ తెలిసిన లెక్క ఇది. ఏరు తిన్నగా పారుతోంది. ఒడ్డున దీర్ఘచతురస్రాకారంలో చేను కావాలి. ఏటి వైపు కంచె అక్కర్లేదు, మిగిలిన మూడు వైపులకూ కలిపి 400 మీటర్ల కంచె ఉంది. ఎలా వేస్తే ఎక్కువ నేల కలిసొస్తుంది? ఏటి నుంచి లోపలికి 100 మీటర్లు, ఒడ్డు వెంట 200 మీటర్లు, మళ్లీ ఏటి దాకా 100. మొత్తం 20,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు అయిదెకరాలు. ఇది కలనగణితం పుట్టాక వచ్చిన లెక్క అనుకుంటాం. కానీ దీని జవాబు క్రీ.పూ. 300 ప్రాంతంలోనే యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ ఆరో పుస్తకం 27వ ప్రతిపాదనలో ఉంది. అక్కడ ఏరూ లేదు, కంచే లేదు, అయినా లెక్క అదే. ఆ సంగతి గమనించినప్పుడు కలిగిన సంతోషమే ఈ వ్యాసానికి కారణం.

యూక్లిడ్ చెప్పింది ఇది. ఒక గీత తీసుకోండి, మన కోసం 400 మీటర్లు అనుకుందాం. దాని ఎడమ భాగం మీద ఒక దీర్ఘచతురస్రం కట్టండి. కుడివైపు మిగిలిన ముక్క మీద అదే ఎత్తున ఇంకొకటి కట్టండి. ఈ రెండోదాని ఎత్తు ఎంతైనా సరే, ఆకారం మాత్రం మారకూడదు. ఆ ఆకారాన్ని ‘పొడవు ఎత్తుకు రెట్టింపు’ అని నిర్ణయిస్తే, ఎత్తు 90 అయినప్పుడు కుడి ముక్క 180 తినేస్తుంది, ఎడమవైపు 220 మిగులుతుంది. 90, 220, 90: మన కంచె ఇదే! ఎడమ చిత్రం మన చేను, కుడి చిత్రం పక్క కంచెలు రెండూ మింగిన పొడవు. ఎడమ చిత్రం గీతలో సరిగ్గా సగం మీద నిలిచినప్పుడే అన్నిటికంటే పెద్దది అంటాడు యూక్లిడ్. ఒడ్డు వెంట ఉండే భుజం మొత్తం కంచెలో సగం కావడానికి కారణం ఇదే.

నిరూపణ కంటికి కనిపించేదే. 100, 200, 100గా వేసిన కంచెను పది మీటర్లు ఏటి వైపు జరపండి. ఒడ్డుకు సమాంతరంగా ఉన్న 200 మీటర్ల పొడవున పది మీటర్ల పట్టీ పోతుంది, అంటే 2,000 చదరపు మీటర్లు నష్టం. పక్క కంచెల్లో మిగిలిన ఇరవై మీటర్లతో చేను ఒడ్డు వెంట సాగుతుంది. వచ్చిన పట్టీ 20 మీటర్ల వెడల్పు, 90 మీటర్ల పొడవు, అంటే 1,800. పోయింది ఎక్కువ, వచ్చింది తక్కువ. తేడా 200, అంటే 10కి 20 ఉన్న ఒక చిన్న ముక్క. కంచెను పది మీటర్లు అవతలికి నెట్టినా అంతే: వచ్చేది 1,800, పోయేది 2,000. ఎటు కదిపినా నష్టపోయేది కుడి చిత్రం ఆకారంలోనే ఉండే ఒక ముక్క. అది ఎప్పుడూ నష్టమే, లాభం కాలేదు. ఇక్కడ అవకలజం అవసరమే పడలేదు.

ఇంతకీ యూక్లిడ్‌కు పెద్ద చేను మీద ఆసక్తి లేదు. ఆయనకు కావలసింది ఆ తర్వాతి 28వ ప్రతిపాదన: ఇచ్చిన వైశాల్యం వచ్చేలా చిత్రం కట్టడం. దానికి ముందు, ఎంత వైశాల్యం దాకా అడగవచ్చో హద్దు తేల్చాలి. 27వది ఆ హద్దు. మన కంచెతో 19,200 చదరపు మీటర్లు కావాలంటే దారులు రెండున్నాయి: లోపలికి 80 పోయి ఒడ్డు వెంట 240, లేదా లోపలికి 120 పోయి ఒడ్డు వెంట 160. 20,000 అడిగితే ఒక్కటే దారి. 21,000 అడిగితే దారే లేదు. ఈ ‘రెండు, ఒకటి, సున్న’ను గుర్తుపెట్టుకోండి, ముందు పని పడుతుంది.

గ్రీకుల గురించి ఇంకాస్త చెప్పాలని ఉంది, ఎందుకంటే చుట్టుకొలతకూ వైశాల్యానికీ తేడా తెలియక మోసపోయిన మనుషులు వాళ్ల రాతల్లో కనిపిస్తారు. మెగాలోపొలిస్‌లో పుట్టిన చరిత్రకారుడు పాలిబియస్, తన ఊరి చుట్టుకొలత 50 స్టేడియాలనీ, స్పార్టాది 48 మాత్రమేననీ, అయినా స్పార్టా రెట్టింపు పెద్దదనీ చెబితే జనం నమ్మరని వాపోయాడు. క్రీ.శ. అయిదో శతాబ్దంలో యూక్లిడ్‌కు వ్యాఖ్యానం రాసిన ప్రోక్లస్ ఇంకా దారుణమైన సంగతి చెప్పాడు. భూమి పంచుకునేటప్పుడు కొందరు చుట్టుకొలత ఎక్కువ, వైశాల్యం తక్కువ ఉన్న ముక్కల్ని తోటివారికిచ్చి, తాము అసలైన ఎక్కువ నేల ఉంచుకునేవారట. పైగా నిజాయితీపరులన్న పేరు కూడా కొట్టేసేవారట! ఇలాంటి పోలికల మీద జెనొడోరస్ ఒక గ్రంథమే రాశాడు. ఆ మూలం పోయింది. థియోన్, పాపస్ తమ పుస్తకాల్లోకి ఎత్తి రాసుకున్నంత మేరకే అందులోని విషయం మనకు మిగిలింది. అదే గ్రంథం దొరికి ఉంటే ఈ కథ ఎంత నిండుగా ఉండేదో!

ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా ఒక్క గంతులో దాటేస్తాను. 1615లో కెప్లర్ ద్రాక్షసారా పీపాల కొలతల మీద పుస్తకం అచ్చువేశాడు. గరిష్ఠం దగ్గర మార్పులు మొదట్లో పట్టుబడనంత చిన్నవిగా ఉంటాయని అందులో గమనించాడు. మన చేనుకూ అది వర్తిస్తుంది. పది మీటర్లు తప్పు వేసినా పోయేది 200 చదరపు మీటర్లు, నూటికి ఒక వంతే. అదే చతురస్రమైతేనే మేలని మూడు వైపులా 133 మీటర్ల చొప్పున వేస్తే మాత్రం 2,200 పైచిలుకు పోతుంది, అరెకరం కంటే ఎక్కువ.

అసలు మలుపు పియెర్ ద ఫెర్మాది. టూలూజ్ న్యాయస్థానంలో కౌన్సిలర్‌గా పనిచేస్తూ లెక్కలు చేసుకున్నవాడు. గరిష్ఠ, కనిష్ఠాల మీద ఆయన పద్ధతి మెర్సెన్ చేతి మీదుగా వెళ్లి 1638 తొలినాళ్లలో దెకార్త్‌కు చేరింది. దెకార్త్ దాన్ని తీవ్రంగా విమర్శించాడు. అందులోని మొదటి ఉదాహరణ, ఒక గీతను రెండు ముక్కలు చేసి వాటి లబ్ధాన్ని గరిష్ఠం చేయడం. మన కంచెకు అది తోబుట్టువు. ఈ పద్ధతి తనకు ఎలా తట్టిందో ఫెర్మా తర్వాత వివరించాడు. గరిష్ఠానికి కొంచెం తక్కువ వైశాల్యం అడిగితే జవాబులు రెండుంటాయి. వాటిని A, E అనుకుందాం. రెండూ ఒకే వైశాల్యం ఇస్తాయి కనుక మన కంచెకు ఇలా రాయవచ్చు:

400A − 2A² = 400E − 2E²

ఒకే వైపుకు తెచ్చి A − E తో భాగిస్తే A + E = 200 మిగులుతుంది. పైన చూసిన 80, 120 జత సరిగ్గా అదే. ఇప్పుడు అడిగే వైశాల్యాన్ని పెంచుకుంటూ పోతే రెండు జవాబులూ దగ్గరవుతాయి, గరిష్ఠం దగ్గర ఒకటైపోతాయి. అప్పుడు A = E = 100. అక్కడ జవాబు ఏకైకమని పాపస్ అన్న మాటనే ఫెర్మా ఆధారం చేసుకున్నాడు. యూక్లిడ్ గీసిన ‘రెండు, ఒకటి, సున్న’ హద్దు ఇలా ఒక గణన పద్ధతిగా మారింది.

1684లో లైబ్నిట్జ్ వ్యాసం, 1696లో లోపితాల్ పాఠ్యపుస్తకం వచ్చాక ఇదంతా ‘అవకలజం సున్న’ అనే ఒక్క వరుసకు కుదించుకుపోయింది. పని తేలికైంది, నిజమే. కానీ జంటగా వచ్చే ఆ రెండు జవాబులు మాయమయ్యాయి. 80, 120 రెండూ ఒకే వైశాల్యం ఇస్తాయని పాఠంలో ఎవరూ చూపరు. చూపితే సగం ఎందుకో పిల్లలకు ఆ క్షణమే తెలిసేది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే నష్టం.

ఇంకొకటి కూడా పోయింది: హద్దు పట్ల జాగ్రత్త. తిన్నని ఒడ్డు 150 మీటర్లే ఉండి, ఆ పైన కొండ అడ్డొస్తే? అవకలజం 200 అనే చెబుతుంది, కానీ అంత ఒడ్డు లేదు. అప్పుడు ఉన్న 150నీ వాడుకుని, లోపలికి 125 చొప్పున వేయాలి. వచ్చేది 18,750 చదరపు మీటర్లు. ఆ బిందువు దగ్గర అవకలజం సున్న కాదు, అయినా అంతకు మించిన చేను ఆ ఒడ్డున రాదు.